అవ్వను ఒంటరిగా అడగండి, ఆ తర్వాతే రిజిస్టరు చేయండి

బండి ఆత్మకూరు మండల ప్రజలకు విన్నపం.

ఒక అవ్వ ఉందనుకోండి. వయసు 78. ఆసుపత్రి నుంచి వచ్చి పది దినాలయింది. మూడెకరాల మాగాణి ఆమె పేర ఉంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అన్నం పెట్టేది, మందులు తెచ్చేది చిన్నకొడుకే. ఒక పొద్దున అతను "పింఛను పనుందమ్మా" అని కారెక్కించాడు. కళ్లద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయి. దస్తావేజు ముందే రాయించాడు, సాక్షులు అతని స్నేహితులే. ఆఫీసులో "వేలిముద్ర నీదేనా అవ్వా?" అని అడిగారు. అవునంది. మూడెకరాలూ దానమైపోయాయి.

అబద్ధమాడిందా? లేదు, ముద్ర ఆమెదే. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అధికారి ముఖ్యంగా చూసేది దస్తావేజు రాసిచ్చిన మనిషి ఈమేనా, రాసిచ్చానని ఒప్పుకుంటోందా అన్నదే. మనసుతో ఇచ్చిందా అన్నది ఆ ప్రశ్నలో లేదు. మా పోరాటం ఆ ఖాళీ మీదే.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ ఇలాంటి ఒత్తిడిని గుర్తించింది. వయసు వల్లో జబ్బు వల్లో మనసు కుంగిన మనిషిని లొంగదీసుకునే స్థితిలో ఒకరుండి, ఒప్పందం చూడగానే అన్యాయంగా ఉంటే, ఒత్తిడి చేయలేదని నిరూపించుకోవాల్సింది వాళ్లే. కానీ ముసలితనం, రక్తసంబంధం ఉన్నంత మాత్రాన సరిపోదని సుప్రీంకోర్టు 1966లోనే ఒక తాత దానపత్రం కేసులో చెప్పింది. అందుకే కారు ఎవరిది, రాయించింది ఎవరు, చదివి వినిపించారా, మిగతా బిడ్డలకు ఎందుకు చెప్పలేదు అన్నవే కోర్టులో సాక్ష్యాలవుతాయి. పత్రం రద్దుకు దావా వేయడానికి గడువు సంగతి తెలిసిననాటి నుంచి మూడేళ్లే. వీలునామా అయితే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దానపత్రం అలా కాదు.

మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఒక తల్లి 2019లో కొడుక్కి ఆస్తి దానమిచ్చింది. చివరిదాకా చూసుకుంటానని, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె దగ్గరుంది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ దానాన్ని రద్దు చేసి, ఆస్తి ఆమెకు అప్పగించమంది. 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షన్ బలమది. మన దగ్గర ఆ దరఖాస్తు వినేది ఆర్డీఓ. అయితే పోషణ షరతు లేకపోతే ఆ సెక్షన్‌తో గెలవడం కష్టం. కాబట్టి ఇచ్చేవాళ్లు ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి.

మేం ప్రభుత్వాన్ని అడిగేది ఒక్కటే. అరవై దాటినవాళ్లు దానం రాసేటప్పుడు, పుచ్చుకునేవాళ్లనూ వాళ్ల మనుషులనూ బయటికి పంపి, అధికారి ఐదు నిమిషాలు పెద్దవాళ్లతో విడిగా మాట్లాడాలి. పత్రం తెలుగులో చదివి వినిపించాలి. "ఏ భూమి, ఎవరికి, ఎందుకిస్తున్నావమ్మా?" అని అడిగి, జవాబును ఆమె మాటల్లోనే రాసి పత్రానికి జతచేయాలి. తడబడితే ఆ రోజుకు ఆపాలి. మంచం మీదున్నవాళ్ల ఇంటికెళ్లి రిజిస్టరు చేసినా ఇదే పద్ధతి పాటించాలి. నిజాయితీగా చూసుకునే బిడ్డకు దీనివల్ల నష్టం లేదు. రేపు తోబుట్టువులు దావా వేస్తే అతనికి రక్ష కూడా ఆ కాగితమే.

సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. మీ ఇంటి పెద్దవాళ్లను వెంటబెట్టుకొని రండి, వాళ్ల చేతే సంతకం పెట్టించండి. పెట్టించే ముందు అర్జీ వాళ్లకు చదివి వినిపించండి.