పెంగ్విన్లని ఊరు దాటించారు

సముద్రంలో చమురు ఒలికిందనగానే టీవీలో నల్లగా ముద్దయిపోయిన పక్షి ఒకటి కనిపిస్తుంది. అది ఎందుకు చస్తుందంటే చాలామంది ‘విషం వల్ల’ అంటారు. విషం సంగతి తర్వాత. ముందు దాన్ని చంపేది చలి.

నీటిపక్షి ఈకల్లోని సన్నటి పోగులు చిన్న చిన్న కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని బిగుతైన నేతలా ఉంటాయి. నీళ్లు లోపలికి దిగవు, లోపలున్న గాలి బయటికి పోదు. ఆ గాలే దానికి రగ్గు. చిన్న చమురు మరక పడ్డా చాలు, అక్కడ నేత విడిపోయి చన్నీళ్లు నేరుగా ఒంటికి తగులుతాయి. పక్షి ఒడ్డుకెక్కేస్తుంది. ఒడ్డున తిండెక్కడిది? ముక్కుతో ఈకలు సవరించుకుంటూ ఆ చమురునే మింగుతుంది. విషం పని అప్పుడు మొదలవుతుంది.

ఈ లెక్కంతా తెలిసినవాళ్లు ఏం చేశారో చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది దక్షిణాఫ్రికాయే. 2000 జూన్ 23న కేప్‌టౌన్ దగ్గర ‘ట్రెజర్’ అనే ఓడ మునిగింది. మోసుకెళ్తున్నది ఇనుప ఖనిజం. ఒలికింది మాత్రం దాని ఇంజన్ల కోసం నింపుకున్న చిక్కటి నల్ల నూనె, సుమారు 1,300 టన్నులు. పెద్ద ట్యాంకర్ ప్రమాదాలతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కానీ ఓడ మునిగిన చోటు రాబెన్, డాసెన్ దీవుల మధ్య. రెండూ ఆఫ్రికన్ పెంగ్విన్ల పుట్టిళ్లు, పైగా అది పిల్లల్ని పెంచే కాలం.

నీటిమీద చమురు ఎటు పోతుందో అంచనా వెయ్యడానికి ఒక మోటు లెక్క ఉంది. ప్రవాహం ఎలాగూ తనతో మోసుకుపోతుంది, దానికి గాలి వేగంలో సుమారు మూడు శాతం కలుపుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చమురు గంటకు 1.2 కిలోమీటర్లు, అంటే రోజుకు దాదాపు 29 కిలోమీటర్లు కదులుతుంది. ఈలోగా అలలు చిలకడంతో నీళ్లు కలిసి చాక్లెట్ ముద్దలా చిక్కబడుతుంది, మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. తేలే కంచె కట్టి ఆపుదామంటే, ప్రవాహం కాస్త జోరందుకోగానే చమురు కంచె కిందనుంచి దూరిపోతుంది. మందు చల్లి చెదరగొడదామంటే, చిక్కబడ్డ ముద్దమీద మందు పనిచెయ్యదు.

చమురును పూర్తిగా ఆపలేం, కనక పక్షుల్నే దారిలోంచి తీసేద్దాం అనుకున్నారు. ఒంటికి చమురంటిన 19,000 పెంగ్విన్లని కడగడానికి తెచ్చారు. ఇంకా శుభ్రంగా ఉన్న మరో 19,500ని పట్టి, లారీల్లో సుమారు 800 కిలోమీటర్లు తూర్పుకు తీసికెళ్లి, పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలేశారు. పెంగ్విన్ ఎక్కడ వదిలినా ఇంటికే ఈదుకుంటూ వస్తుంది. వచ్చేలోపు ఇల్లు కడిగేసుకోవచ్చని లెక్క. పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టిన మూడింటికి ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు కట్టారు. అవి ఎక్కడిదాకా వచ్చాయో జనం రోజూ ఇంటర్నెట్‌లో చూసుకున్నారు. ఇంతకంటే తెలివైన ‘క్లీనింగ్’ నేనెరగను.

చమురంటినవాటి పని మాత్రం అంత తేలిక కాదు. తెచ్చిన వెంటనే కడిగితే ఆ కంగారుకే చచ్చిపోతాయి. ముందు కొన్ని రోజులు ద్రవాలు పట్టించి, చేపలు తినిపించి బలం రానివ్వాలి. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బుతో, కళ్ల చుట్టూ మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగాలి. ఒకరు పట్టుకుంటే ఒకరు రుద్దాలి. దానికి కరవడం బాగా వచ్చు! సబ్బు ఏమాత్రం మిగిలినా చమురు చేసిన పనే చేస్తుంది, అందుకే జాడించడం రుద్దడమంత ముఖ్యం. పక్షి సిద్ధమైందా లేదా అన్నది కొలను చెబుతుంది. నీళ్లు ఒంటిమీద ముత్యాల్లా జారిపోయి, హాయిగా ఈదుతూ ఉంటే వదలొచ్చు. తడిసి వణుకుతూ గట్టెక్కితే ఇంకా ఆగాలి. ఇలా కడిగినవాటిలో తొంభై శాతం దాకా బతికాయి. ఆరేళ్ల ముందు అక్కడే ‘అపోలో సీ’ మునిగినప్పుడు పట్టిన పెంగ్విన్లలో సగమే మిగిలాయి.

ఒడ్డు కథ వేరు. అలలు కొట్టే రాళ్లని సముద్రమే చాలావరకు కడుగుతుంది. మడ అడవి బురదలోకి దిగిన చమురు ఏళ్ల తరబడి పోదు. 2017 జనవరిలో చెన్నై ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఒడ్డున బకెట్లతో తోడుతుంటే దేశమంతా నవ్వింది. నేను నవ్వను. బండరాళ్ల మధ్య పేరుకున్న అంత చిక్కటి ముద్దకి పంపులు మొరాయిస్తాయి, చివరికి చేతులే దిక్కు. అడగాల్సింది బకెట్ గురించి కాదు, ఆ ముద్ద ఒడ్డుకు చేరేదాకా ఏం చేశారని.

ట్రెజర్ పెంగ్విన్లు ఇల్లు చేరాయి, మళ్లీ గుడ్లు పెట్టాయి. అయినా 2024లో ఆ జాతిని అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో చేర్చారు. ఈసారి కారణం చమురు కాదు. అవి తినే సార్డిన్, ఆంచోవీ చేపలు దీవుల చుట్టుపక్కల దొరకడం లేదు.