కుక్కపిల్లకూ నెలసరి అద్దె: ఒప్పందంలోని మాటను ఎలా చదవాలి?

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారు స్థిరపడిన ఈ రైల్వే పట్టణంలో క్వార్టర్ ఖాళీ చేసిన కుటుంబానికి తదుపరి మజిలీ సాధారణంగా అద్దె ఇల్లే. తాల్‌బగీచా వంటి వాడల్లో ఇంటి యజమాని బెంగాలీ, అద్దెదారు తెలుగువాడు, స్టాంపు కాగితం మీది ఒప్పందం మాత్రం ఆంగ్లంలో ఉండటం అరుదేమీ కాదు. ఇద్దరికీ సొంతం కాని ఆ భాషలోకి, మహానగరాల నమూనా పత్రాల నుంచి ‘పెట్ క్లాజ్’ వచ్చి చేరితే చిక్కులు మొదలవుతాయి. కుక్కను పెంచుకుంటే అదనపు డిపాజిట్, దానిపైన నెలనెలా ‘పెట్ రెంట్’, ఏ నష్టం జరిగినా బాధ్యత అద్దెదారుదేనన్న వాక్యం ఇందులో ఉంటాయి.

మొదటి చిక్కు పేరుతోనే. ఆంగ్లంలో ‘పెట్’ అంటే ముద్దుకు పెంచుకునే జంతువు. తెలుగులో ‘పెంపుడు జంతువు’ అంటే పెరటి ఆవు, కోళ్లు కూడా వస్తాయి. నాలుగు కోళ్లు పెంచుకునే కుటుంబం ఈ నిబంధన కిందికి వస్తుందా అన్నది ఏ భాషలో చదువుతున్నామన్న దానిపై ఆధారపడకూడదు. ఏ జంతువు, ఎన్ని అన్నది రాసుకోవడమే మేలు. (రామచిలుకను ఆ జాబితాలో చేర్చకండి. మన దేశపు చిలుకను పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. యజమాని అనుమతి దాన్ని చట్టబద్ధం చేయదు.)

అసలు విషయం డబ్బు. ఒప్పందంలో కనిపించే మూడు పేర్లకు చట్టం దృష్టిలో మూడు స్వభావాలున్నాయి. డిపాజిట్ అంటే హామీ. సొమ్ము యజమాని దగ్గర ఉన్నా, నష్టం మినహాయించగా మిగిలింది అద్దెదారుది. తిరిగి ఇవ్వని రుసుము, నెలసరి పెట్ రెంట్ అన్నవి అనుమతికి కట్టిన ధర. ఇల్లు చెక్కుచెదరకున్నా అవి వెనక్కి రావు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ అద్దెదారుకు ఇచ్చే రక్షణ మొదటిదానికే వర్తిస్తుంది. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ఇంత చెల్లించాలని ముందే రాసుకున్నా, ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమేనని, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుందని ఆ సెక్షన్ చెబుతోంది. నష్టాన్ని రుజువు చేయగలిగిన చోట రుజువు చేసి తీరాలని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. అందువల్ల ‘గీత పడితే డిపాజిట్ మొత్తం జప్తు’ అన్న వాక్యం చూడటానికి కఠినంగా ఉన్నా నిలబడటం కష్టం. నెలసరి పెట్ రెంట్‌కు మాత్రం ఈ కవచం లేదు. అది ఉల్లంఘనకు శిక్ష కాదు, ఒప్పుకున్న ధర. బేరమాడాలంటే సంతకానికి ముందే ఆడాలి.

ఇక నష్టం ఎవరిదన్న ప్రశ్న. రాష్ట్రంలోని 1997 నాటి అద్దె చట్టం నిర్ణీత పరిమితికి మించిన అద్దె ఇళ్లకు వర్తించదు. అలాంటి ఇళ్లకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే ఆధారం. ఇల్లు స్వాధీనం చేసుకున్ననాడు ఉన్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని, సహజమైన అరుగుదలను, మనిషి ఆపలేని శక్తుల వల్ల వచ్చిన మార్పులను మినహాయించాలని అందులోని 108వ సెక్షన్ అంటుంది. అద్దెదారు, అతని పనివారు, ప్రతినిధుల చర్య వల్లనో అలసత్వం వల్లనో కలిగిన లోపాన్ని అద్దెదారు సరిచేయాలి. ఈ జాబితాలో జంతువు లేదు. అంతమాత్రాన యజమాని చేతులు కట్టేసినట్టు కాదు. కుక్క తలుపు గీకుతోందని తెలిసీ ఊరుకోవడం అద్దెదారు అలసత్వమే. వీధికుక్క గేటు వంచితే ఆ మాట అనడం కష్టం. అయితే ఆ సెక్షన్‌లోని నియమాలన్నీ విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడే. ‘ఏ కారణం చేతనైనా కలిగిన నష్టం’ అని రాసి సంతకం చేస్తే సహజ అరుగుదల మినహాయింపునే వదులుకున్నామన్న వాదనకు తావిచ్చినట్టు అవుతుంది. ఆ పదబంధం పక్కన ‘సహజమైన అరుగుదల మినహా’ అని చేర్పించడానికి ఖర్చేమీ కాదు.

ఒక లెక్క చూద్దాం. నెలకు రూ.8 వేల అద్దె, పదకొండు నెలల ఒప్పందం, పెట్ డిపాజిట్ రూ.6,000, పెట్ రెంట్ రూ.500 అనుకుందాం. ఖాళీ చేసే రోజున ఒక గది గోడపై మూత్రపు మరకలు, తలుపు అడుగున గీతలు, చిరిగిన దోమల జాలీ కనిపించాయి. మూడు గదుల ఇల్లంతటికీ రంగులు వేయించేందుకు రూ.12,000 అవుతుందని, డిపాజిట్ పోగా మరో ఆరు వేలు ఇవ్వాలని యజమాని అన్నాడు. పాడైంది ఒక్క గది కనుక దాని వాటా రూ.4,000. రంగు మూడేళ్ల నాటిది, ఐదేళ్లకోసారి ఎలాగూ వేయించేదే అనుకుంటే పోయిన విలువ ఐదింట రెండు వంతులు, అంటే రూ.1,600. పాత రంగుకు బదులు కొత్త రంగు పూర్తి ధర రాబట్టడం పరిహారం కాదు, లాభం. తలుపు మరమ్మతుకు రూ.1,500, జాలీకి రూ.600 కలిపితే మొత్తం రూ.3,700. అద్దెదారుకు రూ.2,300 తిరిగి రావాలి.

ఇక్కడే పెట్ రెంట్ మళ్లీ ముందుకొస్తుంది. పదకొండు నెలల్లో కట్టిన రూ.5,500 దేనికి? ‘జంతువు వల్ల కలిగే అదనపు అరుగుదల, శుభ్రత కోసం’ అని ఒప్పందంలో ఉంటే, తలుపు మీది పైపై గీతలకు ఇప్పటికే చెల్లించినట్టేనని అద్దెదారు వాదించవచ్చు. అది నిలిస్తే కోత రూ.2,200కు తగ్గి, రూ.3,800 వెనక్కి వస్తుంది. దేనికన్నది రాయకపోతే రెండు వైపులా వాదన మిగులుతుంది. కాబట్టి పెట్ రెంట్ ఎంత అన్నదాని కంటే దేనికోసం అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

మరక ఎక్కడిదో తేల్చడం మరో తగవు. బెంగాల్ వానాకాలంలో గోడలు చెమ్మగిల్లడం కొత్త కాదు. చెమ్మ సాధారణంగా నేల నుంచి పైకి పట్టీలా పాకుతుంది, బయటి గోడకు ఎక్కువగా ఉంటుంది, తెల్లటి ఉప్పు పొర కడుతుంది. కుక్క మూత్రం మూలల్లో, గుమ్మాల దగ్గర, తక్కువ ఎత్తులో విడివిడిగా కనిపిస్తుంది, తడిపితే వాసన తిరిగి వస్తుంది. చేరిన రోజునే తారీఖుతో గోడల ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపితే ఈ తగవు సగం తీరినట్టే.

విదేశాల్లో ఈ పేర్లు ఎలా పుట్టుకొచ్చాయో గమనించదగ్గది. ఇంగ్లండ్‌లో 2019 చట్టం డిపాజిట్‌కు పరిమితి పెట్టడంతో విడిగా పెట్ డిపాజిట్ తీసుకునే వీలు తగ్గి, ఆ భారం నెలసరి అద్దెలోకి జరిగింది. అమెరికాలోని తెలుగువారికి డిపాజిట్, రుసుము, పెట్ రెంట్ మూడూ ఒకే ఇంటికి కట్టడం తెలిసిందే. ఒక ద్వారం మూస్తే డబ్బు మరో పేరుతో వస్తుందన్నమాట.

నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించలేవని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలిచ్చిన మాట నిజమే. కానీ అవి సంఘాలను ఉద్దేశించినవి. ఇల్లు అద్దెకిచ్చే వ్యక్తి ఒప్పందంలో పెట్టే షరతును అవి తమంతట తామే రద్దు చేయవు.

చివరిగా, ఇంటికి కాక మనిషికి జరిగే నష్టం. కుక్క పొరుగువారి పిల్లవాణ్ని కరిస్తే ‘యజమానికి సంబంధం లేదు’ అన్న వాక్యం ఆ ఇద్దరి మధ్యే చెల్లుతుంది, గాయపడిన కుటుంబాన్ని కట్టిపడేయదు. జంతువు వల్ల ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. ఆ బాధ్యత జంతువు ఎవరి అధీనంలో ఉందో వారిది. దాన్ని డిపాజిట్‌లోంచి మినహాయించుకోవడం కుదరదు.