హోటలుకెళ్దాం సరే... ఎవరేం తింటారు?

కార్తీకమాసం వచ్చిందంటే మా విజయనగరంలో చాలా ఇళ్ళల్లో ఉల్లిపాయల బుట్ట వంటింట్లోంచి మాయమైపోతుంది. మా ఇంట్లో అయితే అత్తయ్యగారే స్వయంగా దాన్ని పెరటి వసారాలో పెట్టించేస్తారు. ఇంట్లో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. పోపులో ఇంత ఇంగువ వేసుకుంటే నెల ఇట్టే గడిచిపోతుంది. అసలు చిక్కంతా గడప దాటితేనే. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికో, శ్రీకూర్మానికో వ్యాను కట్టించుకుని పదిమందిమీ బయల్దేరితే మధ్యాహ్నం భోజనం ఎక్కడ? మీకూ ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది కదూ?

దానికి తోడు మా అప్ప కూతురు ఒకర్తి ఉంది. బెంగుళూరులో ఉద్యోగం. రెండేళ్ళ నుంచీ తను వీగన్. అంటే మాంసం, గుడ్డు ఎలాగూ ముట్టదు, దాంతోపాటు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, పన్నీరు, ఆఖరికి తేనె కూడా వద్దంటుంది. జంతువుల నుంచి వచ్చేదేదీ కూడదన్నమాట. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టిందట. మనకి ఈమధ్యే ఇళ్ళల్లోకి వచ్చింది. "శాకాహారమే కదమ్మా, ఏ హోటలైతేనేం" అన్నారు మావారు. నేనూ అలాగే అనుకున్నాను. కిందటేడు కార్తీకంలో తెలిసొచ్చింది.

ఆ రోజు ఆదివారం. అరసవల్లిలో ఆదివారం జనం ఎలా ఉంటారో మీకు చెప్పనక్కర్లేదు. దర్శనం అయ్యేసరికి ఒంటిగంట దాటింది. పిల్లలు ఆకలని గోల. దారిలో కనిపించిన ఒక శాకాహార హోటల్లో దూరాం. "ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉంటుందా బాబూ?" అని అడిగాను. "ఉంటాదమ్మా, కూకోండి" అన్నాడు సర్వరు. లోపలికి వెళ్ళి అడిగి రాలేదు, నించున్న చోటే చెప్పేశాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది!

సాంబారు వచ్చింది. గరిటెతో తిప్పి చూస్తే అడుగున ఉల్లి రేక ఒకటి తేలింది. "ముక్కలు ఏరేసి తెచ్చామమ్మా" అన్నాడు. అత్తయ్యగారు విస్తరి మీద చెయ్యి తీసేశారు. పప్పులో వెల్లుల్లి పోపు, చారులో వెల్లుల్లి, కూర చూస్తే కుర్మా. ఆవిడకి మిగిలింది పెరుగన్నం. మా అమ్మాయికేమో కుర్మా, సాంబారు ఫరవాలేదు గానీ పప్పులో నెయ్యి, కుర్మాలో పెరుగు ఉన్నాయేమోనని అడిగితే ఉన్నాయనే చెప్పారు. తను సాంబారన్నం, అప్పడంతో లేచిపోయింది.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచించాను. అత్తయ్యగారు తినగలిగిన పెరుగన్నం అమ్మాయి తినలేదు. అమ్మాయి తిన్న సాంబారు అత్తయ్యగారు తినలేదు. ఒకరికి పనికొచ్చేది సరిగ్గా ఇంకొకరికి పనికిరానిది. గుడి ప్రసాదాల దగ్గరా ఇదే చిక్కు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో ఉల్లి, వెల్లుల్లే కాదు, బంగాళాదుంప, టమాటా కూడా వాడరు. కానీ నెయ్యి, పాలు ఉంటాయి. ఇస్కాన్ వాళ్ళ గోవింద హోటళ్ళలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అక్కడా పన్నీరు, నెయ్యి దండిగా ఉంటాయి. కాబట్టి "ఉల్లి లేని హోటలు" వెతికితే సగం పనే అయినట్టు. ప్యాకెట్ల మీద ఉండే పచ్చచుక్క కూడా అంతే. పాలకోవా మీదా పచ్చచుక్కే ఉంటుంది. వీగన్ ఆహారానికని ప్రభుత్వం 2022లో వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది గానీ అది ప్యాకెట్ల సంగతి. హోటలు విస్తట్లోకి వచ్చేదాని మీద గుర్తులుండవు కదా.

నాకు అర్థమైనదేమిటంటే, హోటలు వాళ్ళని "ఉందా, లేదా" అని అడగకూడదు. "ఉల్లిపాయ ఎప్పుడు వేస్తారు?" అని అడగాలి. మనం వంట చేసేవాళ్ళం, మనకి ఇది ఇట్టే తెలుస్తుంది. కొన్ని వంటల్లో ఉల్లి మొదట్లోనే పడుతుంది. కుర్మా, పన్నీరు కూరలు, మసాలా కూరలు అన్నిటికీ హోటలు వంటింట్లో పొద్దున్నే ఉల్లి, టమాటా, అల్లంవెల్లుల్లి ముద్ద కలిపి ఒకే గ్రేవీ పెద్ద గిన్నెతో చేసి పెట్టుకుంటారు. అడిగినప్పుడల్లా అందులోంచే తీసి ఒకదాంట్లో పన్నీరు, ఒకదాంట్లో బఠాణీ వేస్తారు. అందులోంచి ఉల్లిని ఇక ఎవరూ తియ్యలేరు. సాంబారూ అంతే, పులుసుతోపాటే ఉడికిపోతుంది. రెండో రకం వంటల్లో ఉల్లి, వెల్లుల్లి, నెయ్యి ఆఖర్న పడతాయి. పప్పు ఉడికేటప్పుడు అందులో పప్పూ కూరముక్కా తప్ప ఏమీ ఉండవు. వెల్లుల్లి పోపుతో వస్తుంది, నెయ్యి వడ్డనలో వస్తుంది. పోపుకి ముందే ఒక గిన్నె పక్కకి తీయించుకుంటే ఇద్దరి నియమమూ ఒక్కసారే దక్కుతుంది.

టిఫిన్ల సంగతీ చెప్పనివ్వండి. అందరికీ ఇడ్లీ మేలు. మినప్పప్పు, రవ్వ, ఉప్పు, అంతే. నెయ్యి, కారప్పొడి వెయ్యొద్దని ముందే చెప్పాలి, కారప్పొడిలో వెల్లుల్లి ఉంటుంది చాలాచోట్ల. అట్టు మాత్రం అమాయకంగా కనిపిస్తుంది గానీ కాదు. పెనం మీద నీళ్ళు చల్లి, సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్ది మరీ పిండి పోస్తారు. మన ఇళ్ళల్లో మనం చేసేదీ అదే! అత్తయ్యగారి లాంటి వారికి సాదా అట్టు కూడా కుదరదన్నమాట, వేరే పెనం ఉంటే తప్ప. రవ్వట్టులో, మైసూరు బజ్జీలో పుల్లటి మజ్జిగో పెరుగో పడుతుంది, అవి అమ్మాయికి కుదరవు. కొబ్బరిచట్నీలో పెరుగు కలుపుతారా, పోపులో వెల్లుల్లి వేస్తారా అని రెండూ అడగాలి.

మీ బృందంలో జైనులు ఉంటే ఇంకొక్క మాట. మా వీధిలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఒకటుంది, వాళ్ళకి బంగాళాదుంప, కేరట్, బీట్‌రూట్ లాంటి భూమిలో ఊరే దుంపలేవీ కూడవు. వారి కోసం ఉల్లి మానేసిన బంగాళాదుంప వేపుడు చెప్తే లాభం లేదు. అరటికాయ, బీరకాయ, దొండకాయ చెప్పుకోవాలి.

మొన్న కార్తీకానికి మళ్ళీ బయల్దేరాం, పదకొండు మందిమి. ఈసారి బయల్దేరకముందే ఇంట్లో ఇద్దరినీ ఒక్కొక్క ప్రశ్న అడిగాను. అత్తయ్యగారిని, "మాంసం వండే హోటల్లో వేరేగా వండినా తింటారా? గరిటె ఒకటే అయితే?" అని. "మాంసం వండే చోట కూర్చోను. గరిటె కడిగితే చాలమ్మాయ్" అన్నారు. అమ్మాయిని అడిగితే, "ఎక్కడైనా కూర్చుంటా పిన్నీ, నా విస్తట్లో పాలది లేకపోతే చాలు" అంది. దాంతో సగం పని తేలిపోయింది. హోటలు ఏదో అత్తయ్యగారి నియమం తేలుస్తుంది, అందులో వంటకం ఏదో ఇద్దరూ కలిసి తేలుస్తారు. మాంసం తినే మరిదిగారిని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయన ఒక్క పూటకి ఏమీ అనుకోరు లెండి. (పాలు పడక ఒళ్ళు దద్దురు వచ్చేవాళ్ళుంటే అది నియమం కాదు, జబ్బు. వాళ్ళకి హోటలు గరిటెల్ని నమ్మొద్దు, ఇంటినుంచి డబ్బా కట్టుకెళ్ళడమే.)

ముందురోజు సాయంత్రం నాలుగింటికి శ్రీకాకుళంలో రెండు హోటళ్ళకి ఫోను చేశాను. ఆ వేళకి భోజనాల సందడి తగ్గి, మర్నాటి కూరలు ఇంకా తెచ్చుకోరు కాబట్టి మన మాట వింటారు. పెద్ద హోటలాయన "మా దగ్గర వంద రకాలు ఉన్నాయండి, ఏదైనా చేస్తాం" అన్నాడు. సాంబారులో ఉల్లి ఎప్పుడు వేస్తారంటే మాత్రం జవాబు లేదు. రెండోది చిన్న భోజన హోటలు. ఫోను వంటాయనకే ఇచ్చారు. "ఉల్లి నేకుండా సాంబారేటమ్మా, అది అవ్వదు. పప్పు తీసి ఉంచుతాను, అరటికాయ ఏపుడు విడిగా ఏయించుతాను, పులిహోర ఎలాగూ ఉంటాది" అన్నాడు. ఏది అవ్వదో చెప్పాడు కాబట్టి అవుతుందన్నది నమ్మబుద్ధేసింది. వందరకాల ఆయన్ని వదిలేశాను.

ఆయనకి మూడే మాటలు చెప్పాను. ఇద్దరికి సరిపడా పప్పు పోపుకి ముందే తీసి, నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువతో విడిగా పోపు పెట్టాలి. అరటికాయ వేపుడు కొత్త నూనెలో వెయ్యాలి, ఉల్లి పకోడీ వేసిన మూకుడులో కాదు. పులిహోరకి నూనె పోపే, పైన నెయ్యి వద్దు. మిగతా తొమ్మిది మందికీ మామూలు భోజనమే. మరీ అన్నీ మార్చమంటే ఆదివారంనాడు ఏ వంటాయనైనా విసుక్కుంటాడు.

ఈసారి దర్శనానికి తెల్లారకుండానే బయల్దేరి, పదకొండున్నరకల్లా హోటల్లో ఉన్నాం. పన్నెండున్నర దాటితే బండి మీద బండి వచ్చి పడుతుంది, తీసి ఉంచిన గిన్నె ఎవరి బల్ల మీదకో వెళ్ళిపోతుంది. అరగంట ముందు మళ్ళీ ఒకసారి ఫోను చేసి "పప్పు తీశారా" అని గుర్తు చేశాను కూడా. కూర్చున్నాక గిన్నె మూత తీసి చూశాను. పోపులో వెల్లుల్లి రెబ్బ లేదు, పైన నెయ్యి తేలలేదు, ఇంగువ వాసన ఘుమాయించింది. సర్వరు అలవాటు చొప్పున నెయ్యి గిన్నె పట్టుకుని వంగేసరికి అమ్మాయి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేసింది. ఆ కుర్రాడికి ముందే చెప్పడం నేను మర్చిపోయాను. వంటాయనకి చెప్పినా వడ్డించేవాడికీ ఇంకోసారి చెప్పాలి. పచ్చళ్ళ జోలికి ఇద్దర్నీ వెళ్ళనివ్వలేదు, ఆవకాయలో వెల్లుల్లి రెబ్బలు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆఖర్న అత్తయ్యగారు పెరుగు వేసుకున్నారు, అమ్మాయి రెండోసారి పులిహోర పెట్టించుకుంది. "నీకు పెరుగు లేకుండా అన్నం దిగుతుందటే?" అని ఆవిడ, "మీకు ఉల్లిపాయ లేకుండా దిగట్లేదా అమ్మమ్మా" అని అది. మావారు మాత్రం ఇద్దరి పప్పులోంచీ చెరో గరిటె వేయించుకుని, మా పప్పు కంటే ఇదే బావుందన్నారు. బిల్లులో ఆ గిన్నెకి వేరే ఏమీ వెయ్యలేదు. నేనే వంటాయనని పిలిచి వంద రూపాయలు చేతిలో పెట్టాను. ఆయన ఫోను నంబరు మా ఇంట్లో కేలండరు వెనకాల రాసి ఉంది.