బోరు లోతును బట్టి మోటారు ఎంపిక: సవరించుకోవలసిన అలవాటు

"ఇన్ని అడుగుల బోరుకు ఎన్ని హెచ్‌పి మోటారు?" అని రైతు అడుగుతాడు. దుకాణదారు ఒక అంకె చెబుతాడు. విస్తరణ సిబ్బంది కూడా అదే పద్ధతిలో జవాబివ్వడం సరికాదు. పంపు నీటిని ఎత్తేది బోరు అడుగు నుండి కాదు. పంపు నడుస్తున్నప్పుడు నీరు నిలిచే మట్టం నుండి.

అనంతపురం వంటి గట్టి రాతి ప్రాంతంలో 120 మీటర్ల బోరును ఉదాహరణగా తీసుకోవచ్చు. రెండెకరాల వేరుశనగకు రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, డ్రిప్ నష్టాలతో కలిపి సుమారు 36,000 లీటర్లు అవసరం. దీన్ని 7 గంటల్లో తోడాలంటే సెకనుకు దాదాపు 1.5 లీటర్లు రావాలి. బోరు నిలకడ దిగుబడి 1.6 లీటర్లు, నడిచేటప్పటి నీటి మట్టం 75 మీటర్లు అనుకుందాం. డ్రిప్ పీడనానికి 15, ఫిల్టరుకు 5, పైపుల్లో రాపిడికి 5 మీటర్లు కలిపితే మొత్తం హెడ్ 100 మీటర్లు. 1.5ను 100తో హెచ్చించి 75తో భాగిస్తే 2 హెచ్‌పి వస్తుంది. పంపు సామర్థ్యం 50 శాతమైతే షాఫ్టుకు 4 హెచ్‌పి అవసరం. కావున 5 హెచ్‌పి మోటారు చాలు.

75 మీటర్లకు బదులు బోరు లోతైన 120 మీటర్లను లెక్కలో వేస్తే హెడ్ 145 మీటర్లవుతుంది, ఎంపిక 7.5 హెచ్‌పికి చేరుతుంది. నష్టం అదనపు ధర ఒక్కటే కాదు. 145 మీటర్లకు రూపొందించిన పంపు 100 మీటర్ల వద్ద ఎక్కువ నీటిని తోడుతుంది. బోరు అంత ఇవ్వలేదు. మట్టం పంపు వరకు దిగి, నీటితోపాటు గాలి వస్తుంది. అప్పుడు అమ్మీటరు ముల్లు పడిపోయి ఊగిసలాడుతుంది. బోరు ఎండిందని రైతు భావించి మరొకటి తవ్వించే సందర్భాలకు ఇదే మూలం కావచ్చు.

నడిచే కరెంటును అంచనా వేయడమూ కష్టం కాదు. షాఫ్టు శక్తి 4 హెచ్‌పి అంటే 2,984 వాట్లు. మోటారు సామర్థ్యం 0.73, పవర్ ఫ్యాక్టరు 0.8, వోల్టేజి 415 అయితే:

I = 2984 / (1.732 × 415 × 0.8 × 0.73) ≈ 7.1

అంటే ఫేజుకు సుమారు 7 ఆంపియర్లు. పూర్తి 5 హెచ్‌పి వద్ద దాదాపు 9. వోల్టేజి 340కి పడితే అదే పనికి కరెంటు 8.7కు చేరుతుంది. పల్లెల్లో రిలే తరచూ ట్రిప్పవడానికి ఇదొక కారణం. రిలే అమరికను 12కు పెంచి పంపు నడిపించడం మాత్రం వైండింగును కాల్చుకోవడమే. ముందు మూడు ఫేజుల వోల్టేజి చూడాలి; అది సరిగా ఉండీ కరెంటు ఎక్కువైతే ఇసుక పట్టడం, బేరింగు అరుగుదల అనుమానించాలి.

బిగించిన మొదటి రోజే వోల్టేజి, మూడు ఫేజుల ఆంపియర్లు, నీటి మట్టం, డెలివరీ పైపు వద్ద పీడనం స్టార్టరు పెట్టె తలుపు లోపల రాసి ఉంచితే, వేసవిలో వచ్చే తేడాను పోల్చడానికి ఆధారం దొరుకుతుంది. క్షేత్ర సందర్శన నివేదికల్లో బోరు లోతుకు గడి ఉంటుంది గాని, ఈ నాలుగింటికి సాధారణంగా ఉండదు.