‘సిన్న ఇసయమే బాబూ’ అనేది లక్షణం కాదు, అనుమతి కోసం అడిగే మాట

బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకోసం కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. వాటిలో పారిశుద్ధ్య పని చేసే దళిత కుటుంబాలూ ఉన్నాయి. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఆ హోదా వైద్యుడి గదిలోకి మాత్రం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ ఊహించండి. యాభై ఏళ్ళ ఊడ్పు కార్మికురాలు కొడుకును వెంటబెట్టుకుని వస్తుంది. ‘సిన్న ఇసయమే బాబూ, నడుం లాగుతంది. ఓ మాత్ర రాసీండి’ అంటుంది. కొడుకు దాన్ని బెంగాలీలో ‘నడుము నొప్పి’ అని చెబుతాడు. నొప్పి మాత్ర రాసిస్తే ఆమె వెళ్ళిపోతుంది.

అసలు బాధ గర్భసంచి జారడం కావచ్చు. దానికి ఆనవాళ్ళున్నాయి: పొద్దుగూకేసరికి బరువు పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, దగ్గితే మూత్రం పడుతుంది, కింద ఏదో దిగుతున్నట్టు ఉంటుంది. కొడుకు ముందు ఏ తల్లీ ఇది చెప్పదు. కాబట్టి మొదటి పని కొడుకును మర్యాదగా బయట కూర్చోబెట్టి, తెలుగు తెలిసిన నర్సును పిలవడం. రెండోది, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఆగడం. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో వైద్యులు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డుపడ్డారు.

మూడోది ప్రశ్న. 2007లో హెరిటేజ్ బృందం అక్కడే చేసిన పరిశోధనలో ‘ఇంకేదైనా’ అనే అర్థంలో ఇంగ్లిషులో వాడే రెండు మాటల్లో ఒకటి ‘లేదు’ అనే జవాబు వైపు నెట్టింది. రెండోది వాడినప్పుడు చెప్పకుండా మిగిలిపోయే బాధలు బాగా తగ్గాయి, సమయం మాత్రం పెద్దగా పెరగలేదు. తెలుగులో ‘ఇంకేం లేదు కదా?’ అంటే తలుపు మూసినట్టే. ‘ఇంకా ఏవో ఉంటాయి, చెప్పమ్మా’ అంటే తెరిచినట్టు. తర్వాత ‘బరువులెత్తినప్పుడు కింద ఏమైనా దిగినట్టు ఉంటుందా? చాలామందికి ఉంటుంది’ అని అడగాలి. ‘చాలామందికి’ అన్న మాట సిగ్గును ఆమె ఒక్కదాని మీద నుంచి దించుతుంది.

ఆమె ‘అవును’ అంటే, సమ్మతి తీసుకుని పరీక్ష చేయాలి. తొలిదశలో కటి కండరాల వ్యాయామం, లోపల అమర్చే రింగు సరిపోవచ్చు, ముదిరితే శస్త్రచికిత్స కావలసి రావచ్చు. రోజూ బరువులు మోయించే పని మారకపోతే వైద్యం సగమే అవుతుంది. అందుకే పని మార్చమని సిఫారసు కాగితం కూడా మందుచీటీలో భాగమే.

‘చిన్న విషయం’ అనడం ఆమె స్వభావం కాదు. ముట్టుకోవడానికి వెనకాడే చేతుల ముందు, తన శరీరం గురించి ఎదుటివాళ్ళ సమయం తీసుకునే హక్కు తనకు లేదని కులం నేర్పిన జాగ్రత్త అది. అందుకే దీన్ని వైద్యుల మంచితనానికి వదిలేయకూడదు. రైల్వే, ప్రభుత్వ ఆసుపత్రులు తెలుగు దుబాసీలను నియమించాలి. కుటుంబసభ్యులను దుబాసీలుగా వాడడం మానాలి. అది ఉపకారం కాదు, హక్కు.