సారీలో 'నేను' ఉందా?

ఈ వారం ఒక పాఠకురాలు తన ఫ్రెండ్ పంపిన మెసేజ్‌ని మనకు పంపింది. 'ఇది నిజంగా సారీయేనా? చదివాక నాకే తప్పు చేసినట్టు ఎందుకనిపిస్తోంది?' అని అడిగింది.

జరిగింది ఇదీ. ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన మెయిల్‌ని స్క్రీన్‌షాట్ తీసి, ఇంట్లో కూడా చెప్పకుండా ఆ ఒక్క ఫ్రెండ్‌కే పంపింది. గంటలో అది కాలేజీ గ్రూప్‌లో ప్రత్యక్షం. కింద నవ్వుల ఎమోజీలు. ఆ రాత్రి ఫ్రెండ్ నుంచి వచ్చిన మెసేజ్ ఇది:

'సారీనే. ఆ స్క్రీన్‌షాట్ ఎలాగో గ్రూప్‌లోకి వెళ్లిపోయింది. నీకు బాధనిపించి ఉంటే సారీ. కానీ నువ్వింత సీరియస్‌గా తీసుకుంటావనుకోలేదు. నాకైతే నిద్ర కూడా పట్టట్లేదు. సారీ చెప్పాగా, ఇంక వదిలెయ్ ప్లీజ్.'

ఇందులో సారీ మూడుసార్లు ఉంది. 'నేను చేశాను' మాత్రం ఒక్కసారీ లేదు.

ముందు క్రియాపదం చూడండి. స్క్రీన్‌షాట్ 'వెళ్లిపోయింది'. దానికేమైనా కాళ్లున్నాయా? తెలుగులో ఈ సౌకర్యం ఎక్కువే. గ్లాసు పగిలింది, లేటయింది, నోరు జారింది... చేసినవాళ్లు వాక్యంలోంచి మాయమైపోతారు. బస్సు ఆగిపోయి లేటైతే 'లేటయింది' అనడం నిజమే. కానీ వేలితో నొక్కి ఫార్వర్డ్ చేసిన దానికి 'వెళ్లిపోయింది' అంటే తప్పించుకోవడమే.

తర్వాత 'బాధనిపించి ఉంటే'. ఆ 'ఉంటే'తో బాధ ఉందో లేదో ఇంకా తేలనట్టయింది. పైగా సారీ తను చేసిన పనికి కాదు, నీకు అనిపించినదానికి. 'కానీ' రాగానే ఆ కాస్త తప్పు కూడా నీ వైపు జరిగింది. సమస్య స్క్రీన్‌షాట్ కాదు, నీ సీరియస్‌నెస్ అన్నమాట! నిద్ర పట్టట్లేదనేసరికి ఓదార్చే పని కూడా నీ మీదే పడింది. చివర్లో 'చెప్పాగా'. ఆ 'గా' అంటే, నా వంతు అయిపోయింది, ఇక మాట్లాడొద్దని.

ఆమె కోపంగా ఏమీ రాయలేదు. 'దేనికి సారీ చెప్తున్నావ్?' అని ఒక్క ప్రశ్న పంపింది. రెండు రోజులు బ్లూ టిక్కులే. తర్వాత ఇది వచ్చింది:

'నువ్వు నాకొక్కదానికే పంపినదాన్ని నేనే గ్రూప్‌లో పెట్టాను. అందరూ నవ్వుతారనే పెట్టాను. ఇంట్లో కూడా చెప్పని విషయం నా వల్ల అందరికీ తెలిసిపోయింది. సారీ. డిలీట్ చేశాను, కానీ ఎవరైనా సేవ్ చేసుకుంటే నేనేం చేయలేను. తప్పు నాదేనని గ్రూప్‌లో రాశాను. ఇప్పుడే రిప్లై ఇవ్వక్కర్లేదు.'

ఇక్కడ సారీ ఒక్కసారే ఉంది. అయినా 'పెట్టాను' అనే మాటలో మనిషి కనిపిస్తోంది. ఎందుకు పెట్టిందో తనకు చెడ్డపేరు తెచ్చే కారణమే చెప్పింది. ఇందులోనూ 'కానీ' ఉంది. అయితే అది తప్పుని తగ్గించడానికి రాలేదు, దిద్దుకోలేనిది ఎంతుందో ఒప్పుకోవడానికి వచ్చింది.

2016లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవిక్కి, ఆయన సహచరులు సారీని ఆరు భాగాలుగా విడదీసి పరీక్షించారు. విచారం, కారణం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయననే మాట, నష్టాన్ని సరిదిద్దడం, క్షమించమని అడగడం. వీటిలో అన్నింటికన్నా ఎక్కువగా పనిచేసింది 'తప్పు నాదే' అనడం. దాని తర్వాత సరిదిద్దుతాననడం. 'క్షమించు' అని అడగడం అన్నిటికన్నా కింద నిలిచింది. మొదటి మెసేజ్‌లో ఉన్నది దాదాపు ఆ చివరిదే, అదీ 'వదిలెయ్ ప్లీజ్' రూపంలో.

అయితే మెసేజ్ ఒక్కటీ చూసి తీర్పు ఇచ్చేయకండి. భయంలో టైప్ చేసేటప్పుడు మంచివాళ్లకీ 'అలా అయిపోయింది' అనే వస్తుంది. ఇంకొందరికి అందంగా సారీ రాయడం బాగా అలవాటు. నెల తిరగకుండా అదే తప్పుకి అంతే అందంగా మళ్లీ రాస్తారు. అందుకే ఆ ప్రశ్న అడిగి చూడాలి. 'దేనికి సారీ?' అంటే తెలిసినవాళ్లు చేసిన పని పేరు పెట్టి చెప్తారు. తప్పించుకునేవాళ్లు 'అబ్బా, మళ్లీ మొదలెట్టావా' అంటారు.

మన పాఠకురాలు ఇంకా రిప్లై ఇవ్వలేదట. ఇవ్వక్కర్లేదని ఆ ఫ్రెండే రాసింది కదా. ఆ మాట నిజమో కాదో ఈ వారం రోజుల్లో తెలుస్తుంది. 'చూసి కూడా రిప్లై ఇవ్వవా?' అని ఇంకో మెసేజ్ రాకపోతే, ఆ సారీ నిజమైనదేనని నా నమ్మకం.