వసతిగృహంలో బెంగ: అడిగి తెలుసుకోవలసిన సంగతి

ప్రథమ సంవత్సరంలో చేరి వసతిగృహంలో అడుగుపెట్టిన విద్యార్థికి చుట్టూ మనుషుల కొదువ ఉండదు. గదిలో తోటివారు, భోజనశాలలో బారులు తీరిన పంక్తులు, రాత్రి పొద్దుపోయేవరకు వరండాలో మాటల సందడి. అయినప్పటికీ కొందరు బెంగతో కృశించి, నెల తిరగకముందే పెట్టె సర్దుకొని ఇంటిదారి పట్టడం వసతిగృహాలలో పరిపాటి. అట్టివారిని గూర్చి “చదువుపై శ్రద్ధ లేదు” అని తీర్పు చెప్పి ఊరకుండడం సులభమే. కాని కారణం తెలియదు. తెలియని కారణానికి మందు వేయలేము. ఈ విషయమై మన కళాశాలలో ఒక చిన్న పరిశీలన జరగాలనీ, అది ముఖాముఖి సంభాషణల రూపంలో ఉండాలనీ ప్రతిపాదిస్తున్నాను.

ఒంటరితనం ఒకే రకమైనది కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ప్రకటించిన గ్రంథంలో దానిని రెండుగా విభజించాడు. మొదటిది నలుగురిలో చోటు లేకపోవడం. రెండవది మనసు విప్పి చెప్పుకొనే ఒక్క మనిషి లేకపోవడం. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదని ఆయన వాదం. ఈ భేదం మనకు చాలా అవసరం. స్వాగత సభ, ఆటల పోటీ, సాంస్కృతిక కార్యక్రమం మొదటి లోటును కొంత తీర్చవచ్చు. రెండవ లోటుతో బాధపడే విద్యార్థి ఆ సభ మధ్యలో కూర్చొని కూడా ఒంటరిగానే ఉంటాడు. మన వసతిగృహంలో ఎవరికి ఏ లోటున్నదో ముందుగా తెలియాలి.

దీనికి ప్రశ్నపత్రం చాలదా అని కొందరు అడుగవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1978లో రూపొందిన ఒంటరితన మాపనిలో ఇరవై వాక్యాలున్నాయి. లెక్క తేల్చడానికి అట్టివి ఉపకరిస్తాయి. అయితే మన చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. “నీకు ఒంటరితనం ఉన్నదా?” అని అడిగితే ఉద్దానం కుర్రవాడు లేదనే అంటాడు, అది తన చేతకానితనాన్ని ఒప్పుకొన్నట్లు తోస్తుంది. అతడే “ఇంటిమీద బెంగగా ఉంది” అని సంకోచం లేకుండా చెప్పగలడు. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థిని “తన్‌హాయీ” అని అడిగితే అతనికి గజళ్ళు గుర్తుకు రావచ్చు. అందులో బాధతో పాటు ఒక సొగసు కూడా ఉంది. “అకేలాపన్” అంటే అర్థం మారుతుంది. ఇంట్లో ఒడియా మాట్లాడేవారికి ఇంకొక మాట ఉంటుంది. కనుక మాటను మనం ఇవ్వరాదు. విద్యార్థి నోటనే రానివ్వాలి.

పరిశీలనకు పన్నెండు నుండి పదిహేనుమంది చాలు. వారిని చీటీలు వేసి కాక, అనుభవభేదాన్ని బట్టి ఎంచుకోవాలి. కవిటి, సోంపేట వంటి దగ్గరి ఊళ్ళవారు, మందస కొండల సవర గ్రామాల నుండి వచ్చినవారు, తెలుగు, ఉర్దూ, ఒడియా ఇళ్ళవారు, బాలురు, బాలికలు అందులో ఉండాలి. అందరికంటె ముఖ్యులు వసతిగృహం విడిచి వెళ్ళిపోయినవారు. ఉన్నవారిని మాత్రమే అడిగితే, నిలదొక్కుకొన్నవారి కథే మనకు దక్కుతుంది. ఒక్కొక్కరితో రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున మాట్లాడాలి: చేరిన నాలుగవ వారంలో ఒకసారి, సంక్రాంతి సెలవుల తరువాత మరొకసారి. ఇంటికి పోయి వచ్చిన పిదప బెంగ తగ్గినదో పెరిగినదో అప్పుడే తెలుస్తుంది. అడిగేవారు వార్డెను గాని, మార్కులు వేసే ఉపన్యాసకులు గాని కారాదు.

సంభాషణకు నాలుగు అంశాలు చాలునని నా అభిప్రాయం. మొదటిది తొలి వారం: ఏ పూట గడవడం కష్టమైనది, ముందుగా ఎవరు పలకరించారు. రెండవది గది, భోజనశాల: ఎవరి పక్కన కూర్చుంటారు, రాత్రి జ్వరం వస్తే ఎవరిని లేపుతారు. మూడవది భాష, ఆచారం: గదిలో ఏ భాష నడుస్తుంది, రంజాన్ నెలలో సహరీకి లేచేటప్పుడు తోడెవరు, తోటివారు దానిని ఎట్లా చూస్తారు. నాలుగవది ఇల్లు: ఫోనులో ఏమి చెబుతారు, ఏమి దాస్తారు. ఉద్దానంలో ఈ చివరి ప్రశ్నకు ప్రత్యేకమైన బరువున్నది. మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను పీడిస్తున్న ప్రాంతమిది. తండ్రి డయాలిసిస్‌కు పోయే రోజున గదిలో మౌనంగా ఉన్న కుర్రవాణ్ణి స్నేహశూన్యుడని భ్రమపడే ప్రమాదమున్నది.

అడిగే తీరు తెలియడానికి ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. “హాస్టలు ఎలా ఉంది?” అన్న ప్రశ్నకు “బాగానే ఉందండి” అని జవాబు వస్తుంది. అక్కడ ఆగితే పరిశీలన ముగిసినట్లే. “నిన్న రాత్రి భోజనం ఎవరితో చేశావు?” అని అడగాలి. “ఎవరితోనూ కాదండి, అందరూ తిని వెళ్ళాక వెళ్ళాను.” “ఎందుచేత?” “వాళ్ళు ముందే జట్లుగా కూర్చుంటారు. మధ్యలో కూర్చుంటే మాటలు ఆపేస్తారు.” “గదిలోనో?” “గదిలో మస్తాన్ ఉన్నాడండి. వాడికి అన్నీ చెబుతాను.” ఈ విద్యార్థికి మనసు చెప్పుకొనే స్నేహితుడున్నాడు; పంక్తిలో చోటు లేదు. వైస్ చెప్పిన మొదటి లోటు ఇదే. ఇతనికి ఓదార్పు మాటలకంటె భోజనపు బల్లల అమరికలో మార్పు మేలు చేయవచ్చు.

సంభాషణలను చెప్పిన భాషలోనే, చెప్పిన మాటల్లోనే వ్రాసుకోవాలి. ఇద్దరు వేర్వేరుగా చదివి, ఒక్కొక్క భాగానికి “ఆలస్యంగా భోజనం”, “ఇంటివద్ద దాచినది” వంటి చిన్న పేర్లు పెట్టి, తరువాత కలిసి సరిపోల్చాలి. భేదాభిప్రాయం వచ్చినచోట మళ్ళీ వ్రాతప్రతికే పోవాలి. దీనివల్ల నూటికి ఎందరన్న లెక్క తేలదు. ఎట్లా, ఎందువల్ల అన్నవి మాత్రమే తేలుతాయి.

గోప్యత విషయంలో పేరు మార్చినంత మాత్రాన చాలదు. ఒక ఊరి నుండి ఒక్కడే వచ్చి ఉంటే ఊరి పేరే అతని పేరు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి కూడా అవసరం. ప్రాణానికి హాని తలపెట్టే సూచన కనిపిస్తే రహస్యం పాటించబోమని ముందే చెప్పాలి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సహాయ సంఖ్య 14416ను అందరికీ ఇవ్వాలి.

ఇక కమిటీ పెద్దలకు ఒక మనవి. 1950లో ఫెస్టింజర్, అతని సహచరులు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన వివాహిత విద్యార్థుల నివాసాలను గూర్చి ప్రకటించిన పరిశోధనలో, పక్క తలుపువారే ఎక్కువగా మిత్రులైనట్లు తేలింది. అనగా గదుల కేటాయింపు పట్టికలోనే సగం స్నేహాలు వ్రాయబడుతున్నవి. ఒకే భాషవారిని ఒక గదిలో ఉంచితే తొలి వారపు బెంగ తగ్గవచ్చు. ఏడాది పొడవునా పంక్తులు విడిపోనూవచ్చు. కలిపి ఉంచితే దీనికి విరుద్ధంగా జరగవచ్చు. మన పిల్లల విషయంలో ఏది నిజమో ఊహతో నిర్ణయించరాదు. వచ్చే ఏటి పట్టిక తయారుకాకముందే ఈ పదిహేనుమందినీ అడిగి, వారు చెప్పినదానిని ఎదుట ఉంచుకొని గదులు కేటాయించాలని కోరుతున్నాను.